టోల్‌గేటులో నగదు కట్టాక ఫాస్టాగ్ నుంచి కూడా డబ్బు పోతే ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

ప్రశ్న: "పోయిన ఆదివారం కారులో హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే ఒక టోల్ ప్లాజాలో ట్యాగ్ చదవడం లేదన్నారు. ఖాతాలో డబ్బు ఉందని చెప్పినా వినకుండా నగదు రెట్టింపు కట్టించుకుని రసీదు ఇచ్చారు. ఇంటికి చేరాక ఫాస్టాగ్ నుంచి కూడా అదే ప్లాజా పేరుతో డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది. ప్లాజా వాళ్లు బ్యాంకును అడగమంటున్నారు, బ్యాంకు వాళ్లు ప్లాజాను అడగమంటున్నారు. ఎవరిని అడగాలి? అసలు ఈ డబ్బు వస్తుందా?"

ట్యాగ్ నుంచి పోయిన డబ్బు వస్తుంది. దాన్ని అడగవలసింది మీకు ట్యాగ్ ఇచ్చిన బ్యాంకును. ప్లాజాను అడగమని వాళ్లు మిమ్మల్ని పంపడం సరికాదు. ప్లాజా నుంచి వివరణ తెప్పించుకునే దారి బ్యాంకుకే ఉంది, మీకు లేదు. నగదుగా కట్టిన రెట్టింపు మొత్తం మాత్రం బ్యాంకు ద్వారా రాదు. దానికి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు వేరే ఫిర్యాదు చేయాలి. అంటే మీవి రెండు ఫిర్యాదులు. వాటిని ఒకదానిలో కలిపేస్తే రెండూ పాడవుతాయి.

నేను విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు చూస్తాను. బళ్ల టోల్ కోతలను స్టేట్‌మెంట్లతో సరిచూడటం, తేడా వస్తే బ్యాంకులతో ఉత్తరప్రత్యుత్తరాలు నడపడం నా రోజువారీ పని. మీలాంటి కేసులు మా దగ్గర తరచుగా వస్తుంటాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా డబ్బు ఏ దారిలో పోయిందో చూడండి. టోల్ లేనులో పైన ఉన్న రీడర్ మీ ట్యాగ్‌ను చదువుతుంది. ఆ వివరం ప్లాజా నుంచి ఆ ప్లాజా లావాదేవీలు చూసే బ్యాంకుకు వెళ్తుంది. అక్కడి నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వ్యవస్థ ద్వారా మీ ట్యాగ్ బ్యాంకుకు చేరుతుంది. అప్పుడే మీ ఖాతాలో కోత పడుతుంది. తిరిగి రావలసిన డబ్బు కూడా ఇదే దారిలో వెనక్కి నడవాలి. మీరు ఫిర్యాదు చేస్తే మీ బ్యాంకు ఆ కోతపై చార్జ్‌బ్యాక్ వేస్తుంది, అంటే ఆ డబ్బు వెనక్కి ఇమ్మని అడుగుతుంది. అది ప్లాజా బ్యాంకుకు వెళ్తుంది. వాళ్లు ప్లాజాను వివరణ, ఫొటోలు అడుగుతారు. ప్లాజా ఒప్పుకున్నా, తగిన ఆధారం చూపలేకపోయినా డబ్బు మీ ట్యాగ్‌కు తిరిగి జమవుతుంది. బూత్‌లో కూర్చున్న ఉద్యోగికి ట్యాగ్‌లోకి డబ్బు వెనక్కి పంపే ఏర్పాటే ఉండదు. అందుకే ప్లాజాకు వెళ్లి గొడవపడినా ఫలితం ఉండదు.

మరి ట్యాగ్ చదవలేదన్నప్పుడు డబ్బు ఎలా పోయింది? ఇది రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది, పైన రీడర్ ట్యాగ్‌ను చదివే ఉంటుంది. కానీ లేనులోని కంప్యూటర్‌కు సర్వర్‌తో సంబంధం తెగిపోయి ఉండవచ్చు, లేదా బ్యాలెన్స్ లేని ట్యాగ్‌ల పాత జాబితాలో మీ ట్యాగ్ ఇంకా ఉండిపోయి ఉండవచ్చు. మీరు కాసేపటి ముందే రీచార్జ్ చేసి ఉంటే ఇలా జరగడానికి అవకాశం ఎక్కువ. బూత్‌లోని ఉద్యోగి తెర చూసి నగదు అడుగుతాడు. ఈలోపు నిల్వ ఉన్న లావాదేవీ సంబంధం కుదిరాక తనంతట తానే వెళ్లిపోతుంది. మెసేజ్ మీకు ఆలస్యంగా రావడానికి కారణం ఇదే. రెండోది, ట్యాగ్ నిజంగానే చదవకపోతే ఉద్యోగి బండి నంబరును చేతితో కొట్టి లావాదేవీ నమోదు చేస్తాడు. ఒకరు నగదు తీసుకోవడం, మరొకరు నంబరు కొట్టడం జరిగితే రెండు వసూళ్లూ అయిపోతాయి.

మీ విషయంలో ఏది జరిగిందో మెసేజ్ చూసి తేల్చలేరు. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లోగానీ పోర్టల్‌లోగానీ పూర్తి స్టేట్‌మెంట్ తీయండి. చాలా బ్యాంకుల స్టేట్‌మెంట్లలో ఒక్కో కోతకు రెండు సమయాలు ఉంటాయి. ఒకటి రీడర్ ట్యాగ్‌ను చదివిన సమయం, రెండోది డబ్బు ఖాతా నుంచి పోయిన సమయం. మీ కేసుకు ఆయువుపట్టు మొదటిదే. ఆ సమయాన్ని రసీదుపై అచ్చయిన సమయంతో పోల్చండి. రెండూ నిమిషమో రెండు నిమిషాలో తేడాతో ఉంటే రీడర్ మీ ట్యాగ్‌ను సక్రమంగానే చదివిందని అర్థం. తేడా చాలా ఎక్కువగా ఉంటే తర్వాత నంబరు కొట్టి ఉంటారు. రెండు విధాలుగానూ డబ్బు మీకు రావలసిందే. ఫిర్యాదులో రాసే మాట మాత్రం మారుతుంది.

స్టేట్‌మెంట్ తీశారు కాబట్టి అది నిజంగా రెండో కోతేనా అన్నదీ చూసుకోండి. మా దగ్గరకు వచ్చే వాటిలో కొన్ని అసలు తప్పు కోతలే కావు. ఒకే లావాదేవీ సంఖ్యతో మెసేజ్ రెండుసార్లు వచ్చి, ఖాతాలో ఒకసారే పోయి ఉంటుంది. లేదా ముందటి ప్రయాణానిది ఆలస్యంగా ఇప్పుడు పడి ఉంటుంది. చదివిన సమయం చూస్తే అది బయటపడుతుంది. అద్దం మార్చినప్పుడు కొత్త ట్యాగ్ తీసుకుని, పాతది రద్దు చేయించనివారికి రెండు వేర్వేరు ట్యాగ్‌ల నుంచి రెండు కోతలు పడటమూ ఉంది. నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వెబ్‌సైటులో బండి నంబరు కొడితే ఏ ట్యాగ్ ఏ బ్యాంకుది, ఏది పనిచేస్తోంది అన్నది కనిపిస్తుంది. పాత ట్యాగ్ ఇంకా పనిచేస్తుంటే ముందు దాన్ని మూయించండి.

ఇక ఫిర్యాదు. బ్యాంకు యాప్‌లో ఆ కోతను ఎంచుకోగానే ఫిర్యాదు రకం ఏమిటని అడుగుతుంది. చాలామంది డబ్బు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. కోపంలో 'నేను ఈ లావాదేవీ చేయలేదు' అన్నదాన్నో, 'ప్రయాణించలేదు' అన్నదాన్నో నొక్కుతారు. అప్పుడు ప్లాజా ఏం చేస్తుంది? మీ కారు లేనులో ఉన్న ఫొటో తీసి పంపుతుంది. కారు వెళ్లిన మాట నిజమే కదా! ఆ ఫొటోతో ఫిర్యాదు అక్కడికక్కడే కొట్టివేస్తారు. మీ వాదన మీరు వెళ్లలేదని కాదు, అదే ప్రయాణానికి వేరే రూపంలో డబ్బు కట్టారని. అందుకే 'నగదు లేదా ఇతర మార్గంలో చెల్లించాను' అనే అర్థం వచ్చే రకాన్నే ఎంచుకోండి. అది లేకపోతే 'రెండుసార్లు కోత' అన్నది ఎంచుకుని వివరణలో నగదు సంగతి రాయండి.

వివరణ పెట్టె చిన్నది. అందులో కథ చెప్పకుండా ఈ తీరులో రాస్తే చాలు:

"ఫలానా తేదీన ఫలానా ప్లాజాలో ఫలానా నంబరు లేనులో ట్యాగ్ పనిచేయడం లేదని చెప్పి నగదు తీసుకున్నారు. రసీదు సంఖ్య ఇది, సమయం ఇది. అదే దాటుకు ట్యాగ్ నుంచి కూడా డబ్బు పోయింది. లావాదేవీ సంఖ్య ఇది, రీడర్ చదివిన సమయం ఇది. ఒకే దాటుకు రెండు వసూళ్లు జరిగాయి కాబట్టి ట్యాగ్ కోతను వెనక్కి ఇప్పించండి. రసీదు ఫొటో, స్టేట్‌మెంట్ జతచేశాను."

రసీదు ఈరోజే ఫొటో తీయండి. టోల్ రసీదులు వేడికి నల్లబడే కాగితంపై అచ్చవుతాయి. కారు డ్యాష్‌బోర్డుపై రెండు వారాలు ఎండకు ఉంటే అక్షరాలు కనపడవు. ఫొటోలో ప్లాజా పేరు, లేను నంబరు, తేదీ, సమయం, బండి రకం, బండి నంబరు, మొత్తం అన్నీ చదవగలిగేలా ఉండాలి. ముఖ్యంగా రసీదుపై బండి నంబరు మీదేనా అని చూడండి. హడావుడిలో తప్పు నంబరు కొట్టడం, ఒక్కోసారి నంబరే లేకుండా ఇవ్వడం జరుగుతుంది. అలా ఉంటే ఆ రసీదు మీదేనని నిరూపించేది సమయం ఒక్కటే. కాబట్టి రెండు సమయాలూ దగ్గరగా ఉన్నాయన్న విషయం వివరణలో తప్పకుండా రాయండి. యూపీఐ ద్వారా కట్టినవారికి ఈ ఇబ్బంది తక్కువ. చెల్లింపు వివరాల్లో ఉన్న 12 అంకెల సంఖ్య, డబ్బు అందుకున్న ఖాతా పేరు, సమయం ఉంటే చాలు. రసీదు తీసుకోకుండా నగదు ఇచ్చినవారి పరిస్థితే కష్టం. నగదు కట్టినట్టు ఆధారం లేదు కాబట్టి బ్యాంకు దగ్గర ఆ వాదన దాదాపు నిలబడదు. గేటు దాటకముందే 1033కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకుని ఉంటే కొంత బలం ఉంటుంది.

ఇప్పుడు మీ లెక్క వేసి చూద్దాం. లెక్క తేలికగా ఉండటానికి ఆ ప్లాజాలో కారుకు ఒకవైపు రుసుము 100 రూపాయలు అనుకుందాం. మీ చేతి నుంచి 200 వెళ్లాయి, ట్యాగ్ నుంచి 100 వెళ్లాయి. మొత్తం 300. బ్యాంకు చార్జ్‌బ్యాక్ గెలిస్తే వచ్చేది ట్యాగ్ నుంచి పోయిన 100 మాత్రమే, ఎందుకంటే నగదు ఆ దారిలో నడవలేదు. అది వచ్చాక కూడా మీరు 200 కట్టినట్టే మిగులుతుంది. దీనికే రెండో ఫిర్యాదు.

ఈ రెండో ఫిర్యాదులో మీకు ఉన్న బలం చాలామందికి తోచదు. రెట్టింపు రుసుము ట్యాగ్ లేని బండికి, లేదా చెల్లని, పనిచేయని ట్యాగ్ ఉన్న బండికి. 2025 నవంబర్ 15 నుంచి అలాంటివారు కూడా యూపీఐ ద్వారా కడితే ఒకటింపావు రెట్లు, నగదుగా కడితే రెండు రెట్లు అని మార్చారు. మీ ట్యాగ్ చెల్లనిదైతే అదే దాటుకు దాని నుంచి డబ్బు ఎలా పోయింది? ట్యాగ్ నుంచి కోత పడటమే ఆ ట్యాగ్ చెల్లుబాటులో ఉందనడానికి, అందులో డబ్బు ఉందనడానికి సాక్ష్యం. రీడర్ చదివిన సమయం రసీదు సమయానికి దగ్గరగా ఉంటే వాళ్లకు చెప్పడానికి ఏమీ మిగలదు. పైగా 2018 మే నెలలో వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, చెల్లుబాటయ్యే ట్యాగ్, తగినంత బ్యాలెన్స్ ఉన్న బండికి ప్లాజాలోని యంత్రం పనిచేయకపోవడం వల్ల రుసుము పడకపోతే, ఏమీ కట్టించుకోకుండా సున్నా రసీదు ఇచ్చి పంపాలి. లోపం ప్లాజాదైతే భారం మీపై పడకూడదన్నది నియమం.

1033 అనేది జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉంటుంది. ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. 'రెండుసార్లు పోయింది' అని మొదలుపెడితే వెంటనే బ్యాంకును అడగమంటారు. 'చెల్లుబాటయ్యే ట్యాగ్ ఉన్నా నగదు రెట్టింపు వసూలు చేశారు, రసీదు ఉంది, అదే సమయానికి ట్యాగ్ కోత కూడా ఉంది' అని మొదలుపెట్టండి. అప్పుడే అది ప్లాజాపై ఫిర్యాదుగా నమోదవుతుంది. నిజం చెప్పాలంటే ఈ నగదు భాగం రావడం ట్యాగ్ భాగమంత ఖాయం కాదు. ప్లాజా నడిపే కాంట్రాక్టరు వైఖరిని బట్టి కొన్ని వస్తాయి, కొన్ని నానుతాయి. అయినా అడగకుండా వదలకండి. ఆ ప్లాజాపై ఫిర్యాదు నమోదు కావడం అవసరం.

ఇలాంటి కేసు ఒకటి మా ఆఫీసులో ఎలా నడిచిందో చెబుతాను. మా కారు ఒకటి తెల్లవారుజామున ఒక ప్లాజా దాటింది. డ్రైవరు చేత నగదు కట్టించారు. మధ్యాహ్నానికి ట్యాగ్ కోత మెసేజ్ వచ్చింది. మెసేజ్‌లో మధ్యాహ్నపు సమయమే ఉంది. దాంతో డ్రైవరు, 'ఆ సమయానికి బండి షెడ్డులో ఉంది సార్, ఎవరో మన నంబరు వాడుకున్నారు' అన్నాడు. ప్రయాణించలేదని ఫిర్యాదు పెట్టేద్దామన్నాడు. స్టేట్‌మెంట్ తీస్తే రీడర్ చదివిన సమయం తెల్లవారుజాముదే, రసీదుకు నిమిషం ముందు. అంటే రీడర్ చదివాకే నగదు అడిగారు. నగదు కట్టిన రకంలోనే ఫిర్యాదు పెట్టాం. బ్యాంకు మొదట 'లావాదేవీ సక్రమమే' అని కారు ఫొటోతో జవాబిచ్చి మూసేసింది. నేను అదే ఫిర్యాదు సంఖ్యపై తిరిగి రాశాను. 'కారు వెళ్లలేదని మేము అనలేదు. ఆ దాటుకు నగదు తీసుకున్న రసీదు మొదటి ఫిర్యాదుకే జతచేశాం. దానికి ప్లాజా జవాబు ఏమిటో చెప్పండి' అన్నాను. దాన్ని పై అధికారికి పంపాక ఆ కోత వెనక్కి వచ్చింది. కాబట్టి మీకు కూడా మొదటి జవాబు 'సక్రమమే' అని వస్తే అదే చివరి మాట అనుకోకండి. వాళ్లు మీ వాదనకు జవాబిచ్చారా, లేక వేరే వాదనకు ఫొటో పంపారా అన్నది చూడండి.

ఆలస్యం మాత్రం చేయకండి. చార్జ్‌బ్యాక్‌కు గడువు ఉంటుంది. అది కోత పడిన రోజు నుంచి నడుస్తుంది. మీది ఇంకా వారం కాలేదు కాబట్టి ఇబ్బంది లేదు. బ్యాంకు ఫిర్యాదుకు వచ్చే సంఖ్యను జాగ్రత్త చేయండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా యాప్‌లోగానీ ఈమెయిల్‌లోగానీ పెట్టండి, ఎందుకంటే తర్వాతి మెట్టులో రాతపూర్వక ఫిర్యాదే అడుగుతారు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు సరిపోకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. cms.rbi.org.in లో రుసుమేమీ లేకుండా ఫిర్యాదు పెట్టవచ్చు, వివరాలకు 14448 నంబరు ఉంది. అక్కడ మీ ఫిర్యాదు బ్యాంకు పనితీరుపై ఉండాలి, ప్లాజాపై కాదు. 'రసీదు ఇచ్చినా పరిశీలించకుండా మూసేశారు' అన్నది అంబుడ్స్‌మన్ వినే మాట. 'ప్లాజాలో దురుసుగా మాట్లాడారు' అన్నది వినే మాట కాదు.

ఇదంతా జాతీయ రహదారి ప్లాజాల సంగతి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు లాంటి రాష్ట్ర ప్రభుత్వ రహదారుల్లో జరిగితే బ్యాంకు ఫిర్యాదు ఇలాగే ఉంటుంది గానీ, 1033 పనికిరాదు. ఆ రహదారి నడిపేవారి హెల్ప్‌లైన్‌కే చెప్పాలి. జాతీయ రహదారుల కోసం తీసుకునే ఫాస్టాగ్ వార్షిక పాస్ కూడా అక్కడ చెల్లదు కాబట్టి పాస్ ఉన్నా డబ్బు పడితే అది తప్పు కోత కాదు.

ఇది చదివే వారిలో కొందరికి కారు ఇంటి దగ్గరే ఉన్నా ఎక్కడో ప్లాజా పేరుతో డబ్బు పోయి ఉండవచ్చు. వారికి పైన చెప్పిన దారి కాదు. అది చాలాసార్లు బూత్‌లో చేతితో నంబరు కొట్టేటప్పుడు ఒక అంకె తప్పడం వల్ల వస్తుంది. అలాంటి వాటికి మాత్రం 'ప్రయాణించలేదు' అన్న రకమే ఎంచుకోవాలి. దాంతోపాటు falsededuction@ihmcl.com కు కూడా రాయండి. అది జాతీయ రహదారుల సంస్థకు చెందిన టోల్ నిర్వహణ కంపెనీ చిరునామా. ఇలాంటి తప్పుడు కోత రుజువైతే వసూలు చేసిన ఏజెన్సీకి ఒక్కో దానికి లక్ష రూపాయలు, ఒక్కోసారి అంతకు మించి కూడా జరిమానా వేస్తున్నారు కాబట్టి ప్లాజాలు వీటిని తేలికగా తీసుకోవు. మీ కారు అక్కడ లేదని మీరు నిరూపించనక్కర్లేదు, కారు వెళ్లిన ఫొటో చూపమని అడగండి. మీ నంబరు పలక ఉన్న బండి ఫొటో వాళ్ల దగ్గర ఉండదు. ఒకవేళ ఉండి, అది మీ కారు కాకపోతే మీ నంబరుతో నకిలీ పలక తిరుగుతోందన్నమాట. ఆ ఫొటో తీసుకుని నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి.

బ్యాంకు హెల్ప్‌లైన్ నంబరును ఇంటర్నెట్‌లో వెతికి ఫోన్ చేయకండి. ఫాస్టాగ్ రీఫండ్ పేరుతో మోసగాళ్లు పెట్టే నంబర్లు అక్కడే ఎక్కువ. యాప్‌లోనో, బ్యాంకు సొంత వెబ్‌సైటులోనో ఉన్న నంబరే వాడండి. డబ్బు వెనక్కి ఇవ్వడానికి ఎవరికీ మీ ఓటీపీగానీ యూపీఐ పిన్‌గానీ అవసరం లేదు.

ఫిర్యాదు గెలిచాక డబ్బు మీ పొదుపు ఖాతాలో వెతక్కండి. చాలా బ్యాంకుల్లో అది ట్యాగ్ వాలెట్‌లోకే వస్తుంది. దానికి కొన్నిసార్లు మెసేజ్ కూడా రాదు. స్టేట్‌మెంట్‌లో పాత లావాదేవీ సంఖ్యతోనే జమ పడి ఉంటుంది. ట్యాగ్‌ను నేరుగా పొదుపు ఖాతాకు కలుపుకున్నవారికి మాత్రం ఆ ఖాతాలోనే కనిపిస్తుంది. రసీదు సమయం, రీడర్ చదివిన సమయం చూశాక మధ్య తేడా ఎంత ఉందో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి వివరణలో మొదటి వాక్యం ఎలా ఉండాలో చెబుతాను.